పేరు కింది వరుసలో పని రాయండి

సికింద్రాబాద్‌లో తిరుమలగిరి, యాప్రాల్, సైనిక్‌పురి, నేరేడ్‌మెట్ వైపు ఏ వీధిలోకి వెళ్లినా ఒక మాజీ సైనికుడు కనిపిస్తాడు. నలభైల్లోనే యూనిఫాం విప్పేసి, ఇంకా పదిహేను, ఇరవై ఏళ్లు సంపాదించాల్సిన మనిషి. పిల్లలు ఇంటర్‌లోనో ఇంజనీరింగ్‌లోనో ఉంటారు. ఆయన లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ తెరిస్తే పేరు కింద "ఎక్స్ హవల్దార్, ఇండియన్ ఆర్మీ" అని ఉంటుంది. అంతకుమించి ఒక్క ముక్క ఉండదు. ఆయనకొచ్చే ఫోన్లు కూడా ఒకే రకంగా ఉంటాయి: ఫలానా అపార్టుమెంటులో సెక్యూరిటీ సూపర్‌వైజరు కావాలి, పన్నెండు గంటల డ్యూటీ, ఎప్పుడు చేరతారు?

గేటు కాపలా తక్కువ పని అని నేననను. ఆ పని కావాలనుకున్నవాళ్లు చేసుకుంటారు. కానీ పాతికేళ్లపాటు ఇంజిన్లు విప్పి బిగించిన మనిషిని, అర్ధరాత్రి ఆగిపోయిన జనరేటర్‌ను తెల్లారేలోపు నడిపించిన మనిషిని, సందర్శకుల రిజిస్టర్ ముందు కూర్చోబెడుతున్నాం. ఆయనకు వేరే పని రాకపోవడం వల్ల కాదు, వచ్చిన పనేదో ఎక్కడా రాసి లేకపోవడం వల్ల. ఇది అన్యాయం. ఇందులో సగం తప్పు రిక్రూటర్లది, సగం మనది. రిక్రూటర్లను మార్చడం నా చేతిలో లేదు కనుక మన సగం గురించే గట్టిగా మాట్లాడతాను.

ముందు ఆ వరుస ఎలా పుడుతుందో తెలియాలి. లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద ఉండే హెడ్‌లైన్‌ను మీరు రాయకపోతే ఆ సైటే రాసేస్తుంది. మీరిచ్చిన ప్రస్తుత ఉద్యోగం పేరునూ సంస్థ పేరునూ కలిపి అక్కడ అతికిస్తుంది. అంటే మనలో చాలామంది పేర్ల కింద ఉన్నది ఎవరూ ఆలోచించి రాసిన వాక్యం కాదు. అక్కడ మీకు 220 అక్షరాల చోటు ఉంది. 2020 వరకు 120 ఉండేది, తర్వాత పెంచారు. ఆ చోటులో ఇరవై, ముప్ఫై అక్షరాలు వాడి మిగతాది ఖాళీగా వదిలేస్తున్నాం.

ప్రొఫైల్‌లో మిగతాదంతా తర్వాత చదువుతారులే అని చాలామందికి ధీమా. చదవరు. రిక్రూటర్ వెతికినప్పుడు వచ్చే జాబితాలో, మీరు ఎవరికైనా పరిచయం కోసం అభ్యర్థన పంపినప్పుడు, ఎవరి పోస్టు కిందైనా వ్యాఖ్య రాసినప్పుడు, ముందుగా కంటపడేవి మూడు: ఫొటో, పేరు, ఈ వరుస. మీ అనుభవం, సర్టిఫికెట్లు, మీరు కష్టపడి రాసుకున్న పరిచయం, అన్నీ ఆ పేరు మీద నొక్కితేనే పూర్తిగా తెరుచుకుంటాయి. నొక్కాలా వద్దా అని అవతలి మనిషి తేల్చుకునేది ఈ వరుస చూసే. ఫోన్‌లో అయితే వరుస మొత్తం కూడా కనబడదు, మొదటి కొన్ని మాటలు చూపించి మిగతాది కోసేస్తుంది. కాబట్టి మొదటి నాలుగైదు మాటల్లో ఏముందన్నదే అసలు విషయం.

ఇప్పుడు రిక్రూటర్ వైపు నుంచి చూడండి. మాదాపూర్‌లో ఒక పెద్ద ఆఫీసు భవనం. దాని నిర్వహణ కాంట్రాక్టు తీసుకున్న సంస్థకు జనరేటర్లు, పంపులు, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు చూసుకునే మనిషి కావాలి. వాళ్ల రిక్రూటర్ వెతుకుడు పెట్టెలో ఇలాంటిది కొడుతుంది:

```
("DG set" OR "diesel generator") AND maintenance
```

ఇందులో హవల్దార్ అన్న మాట ఉందా? ఆర్మీ అన్న మాట ఉందా? ఆవిడకు సైన్యం మీద చిన్నచూపేమీ లేదు. ఆవిడ బల్ల మీద ఉన్న ఖాళీ పేరు జనరేటర్ మెయింటెనెన్స్, అందుకే ఆ మాటే కొట్టింది. మన హవల్దారు ఆ పనిని పాతికేళ్లు చేసి కూడా ఆ జాబితాలో ఎక్కడా లేడు. ఆయనకంటే పావు వంతు అనుభవం ఉన్న కుర్రవాడు, ఆ నాలుగు మాటలూ రాసుకున్నందుకు, మొదటి పేజీలో ఉన్నాడు.

తిరుమలగిరిలో నాకు బాగా తెలిసిన ఒక మాజీ హవల్దారు ఉన్నారు. ఈఎంఈ మనిషి, అంటే సైన్యంలో బళ్లనూ ఆయుధాలనూ యంత్రాలనూ బాగుచేసే దళం. ఆ దళం అధికారులకు, సిబ్బందికి చదువు చెప్పే మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీరింగ్ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆయన వరుస మార్చడానికి ఇద్దరం కూర్చున్నాం. అప్పటికి అక్కడ ఉన్నది ఇది:

```
Ex-Havildar | Indian Army | Disciplined | Hardworking | Team Player | Seeking Opportunities
```

ఈ మాటలు ఎవరు రాయమన్నారని అడిగాను. డబ్బు తీసుకుని ప్రొఫైల్ దిద్దే శిక్షకుడొకరు రాసిచ్చారట. నాకు ఒళ్లు మండింది. క్రమశిక్షణ అన్న మాట కొట్టి మనుషుల్ని వెతికే రిక్రూటర్ ఎవరైనా ఉన్నారా? కష్టపడతాను అని రాయనివాడు కష్టపడడని అర్థమా? ఆ మాటల్ని ఎవరి పేరు కింద పెట్టినా అతుకుతాయి, అందుకే ఎవరి గురించీ ఏమీ చెప్పవు. ఇక అవకాశాల కోసం చూస్తున్నాను అన్నది ఇక్కడ రాయాల్సిందే కాదు. ఉద్యోగం కావాలని చెప్పడానికి లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' అన్న ఏర్పాటు విడిగా ఉంది. అందరికీ కనిపించేలా ఆకుపచ్చ చట్రంతో పెట్టుకోవచ్చు, రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలానూ పెట్టుకోవచ్చు. ఉన్న ఒక్క వరుసను దానికి ఖర్చు చేయించినవాడు మనిషి అవసరం మీద బతుకుతున్నాడు. ఆ శిక్షకుడు ఈయన ఏం పని చేసేవారో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ప్రశ్నలు అడగకుండా రాసిచ్చే ప్రతి హెడ్‌లైన్ మోసమే అని నేనంటాను.

అందుకే మేం ప్రశ్నలతోనే మొదలుపెట్టాం.

"రోజూ ఏం చేసేవారు సార్?" అన్నాను.

"అన్నీ చేశామండీ. ఏ పని చెప్తే అది."

ఈ జవాబుతోనే మన వాళ్లు మునిగిపోతున్నారు. అన్నీ చేశాను అంటే విన్నవాడికి ఏదీ వినపడదు. అందుకని ప్రశ్న మార్చాను. ఏది పాడైతే వేరేవాళ్లను కాకుండా మిమ్మల్నే లేపేవారు? చివరి ఐదేళ్లలో మీ సంతకం లేకుండా కదలనిది ఏమిటి? మీ కింద ఎందరుండేవారు, వాళ్లకు ఏం నేర్పారు?

అప్పుడు అసలు పని బయటికొచ్చింది. మొదట్లో బండ్ల మెకానిక్. తర్వాత యూనిట్‌తోపాటు తిరిగే చిన్న రిపేరు బృందంలో డీజిల్ జనరేటర్లు, లారీలు. వాళ్ల భాషలో దాన్ని ఎల్‌ఏడీ అంటారు. ఆఖరి ఏళ్లలో వర్క్‌షాప్ సూపర్‌వైజరు: ఏ బండికి ఎప్పుడు సర్వీసు చేయాలో పట్టిక వేయడం, విడిభాగాల స్టోరు లెక్క, కుర్రవాళ్లకు పని నేర్పడం. ఒక బండిని బాగుచేయడం దండగా, లేక చేస్తే గిట్టుబాటవుతుందా అని పరీక్షించి మొదటి మాట చెప్పేది కూడా ఆయనే. దాన్ని వాళ్లు బీఈఆర్ అంటారు. ఇంత పనిని పక్కనపెట్టి టీమ్ ప్లేయర్ అని రాసుకున్నారీయన!

తర్వాతి మెట్టు ఆ పనుల్ని బయటి మార్కెట్ పిలిచే పేర్లతో రాయడం. ఇక్కడ నిజాయితీ కావాలి, తెగువా కావాలి. ఎల్‌ఏడీ అంటే సివిల్ రిక్రూటర్‌కు తెలియదు, బ్రేక్‌డౌన్ రిపేర్ అంటే తెలుసు. సర్వీసు పట్టికను బయట ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అంటారు. స్టోరు లెక్క స్పేర్స్ ఇన్వెంటరీ. ఉద్యోగ ప్రకటనలు నాలుగు తెరిచి చూస్తే ఈ మాటలు వాటంతటవే దొరుకుతాయి. మూడు, నాలుగు ప్రకటనల్లో మళ్లీమళ్లీ కనిపించిన మాట ఏదైతే ఉందో, ఆ పని మీరు నిజంగా చేసి ఉంటే, ఆ మాటే రాయాలి.

చివరికి తేలింది ఇది:

```
DG Set & Vehicle Workshop Supervisor | Breakdown repair, preventive maintenance, spares stores | 24 yrs Indian Army (EME)
```

మొత్తం 121 అక్షరాలు. ఇంకా వంద దాకా మిగిలే ఉన్నాయి, నింపాలన్న తొందర అక్కర్లేదు. మొదటి ముక్క కావలసినవాడు వెతికే పేరు. ఫోన్ మిగతాదంతా కోసేసినా ఆ ముక్కలో కొంతైనా మిగులుతుంది, జనరేటర్ మనిషని తెలుస్తుంది. రెండో ముక్క ఆ పేరు కింద నిజంగా చేసిన పనులు. మూడోది రుజువు: 24 ఏళ్లు, ఎక్కడ. సైన్యం పేరు పోలేదు, చివరికి వెళ్లింది. అక్కడ అది పనికి బరువునిస్తోంది. ముందు ఉన్నప్పుడు పనిని కప్పేసేది.

ఆయన ఒక్కచోట గట్టిగా అడ్డుపడ్డారు. "ర్యాంకు తీసేస్తే ఎలాగండీ, అది సంపాదించుకున్నది కదా" అన్నారు. ఆ బాధ నాకు అర్థమైంది. మన ఇళ్లలో హోదాకు ఉన్న విలువ అలాంటిది. పెళ్లి సంబంధాల బయోడేటాలో కూడా మేనేజరా, సీనియర్ మేనేజరా అని చూస్తాం తప్ప అబ్బాయి పొద్దున్నుంచి ఏం చేస్తాడని అడగం. కానీ ర్యాంకు ఎక్కడికీ పోదు. అనుభవం విభాగంలో హవల్దార్ అనే రాయాలి, అక్కడ మార్చి రాస్తే అబద్ధమవుతుంది. పక్కనే ట్రేడ్ పేరు, కింద చేసిన పనులు రాయాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, దీనికి ఆచరణాత్మక కారణం ఉంది. రిక్రూటర్ల దగ్గర ఉద్యోగం పేరుతో వడపోసే ఏర్పాటొకటి ఉంటుంది. అది చూసేది అనుభవం విభాగంలోని పేరును, హెడ్‌లైన్‌ను కాదు. హెడ్‌లైన్‌లో జనరేటర్ అని రాసి, లోపల ఎక్కడా ఆ మాట లేకపోతే ఒక వెతుకులాటలో దొరికి ఇంకో వెతుకులాటలో జారిపోతారు. పైన రాసిన మాటలు కింద కూడా ఉండాలి.

ఇంకో రెండు హద్దులు చెప్పి తీరాలి. పని చెప్పమన్నాను కదా అని యూనిట్ పేరు, అది ఉన్న చోటు, బాగుచేసిన ఆయుధ వ్యవస్థల పేర్లు రాయకూడదు. పైన ఇచ్చిన వరుసలో అవేవీ లేవు, అయినా పని పూర్తిగా తెలుస్తోంది. రెండోది, సైజు విషయం. ఆయన చూసినవి 62.5 కేవీఏ, 125 కేవీఏ జనరేటర్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో డేటా సెంటర్ల ఉద్యోగాలు అందరినీ ఊరిస్తున్నాయి. అమెజాన్ తన క్లౌడ్ సేవల హైదరాబాద్ రీజియన్‌ను 2022 నవంబరులో తెరిచింది, అలాంటి కేంద్రాల్లో ఉండే జనరేటర్లు వీటికి ఎన్నో రెట్లు పెద్దవి. డేటా సెంటర్ అన్న మాట చేర్చేద్దామా అని ఆయన అడిగారు. వద్దన్నాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఎన్ని కేవీఏ అనే వస్తుంది, రెండో ప్రశ్న రెండు జనరేటర్లను కలిపి నడిపారా అని వస్తుంది. హెడ్‌లైన్‌లోని ఏ మాట మీద ప్రశ్న వేసినా ఐదు నిమిషాలపాటు జరిగిన సంగతి చెప్పగలగాలి. చెప్పలేని మాటను ఆ వరుసలోంచి పీకేయాలి. ఆస్పత్రులు, ఆఫీసు భవనాలు, బస్సులూ లారీలూ నడిపే సంస్థలు, ఇవి ఆయన అనుభవానికి సరిగ్గా అతికే చోట్లు. అక్కడ గెలిచాక పెద్ద జనరేటర్ల దాకా దారి ఉంటుంది.

ఇదంతా సైనికుల గొడవే అనుకుని కంపెనీ ఉద్యోగులు పక్కకు తప్పుకోవద్దు. బేగంపేట నుంచి గచ్చిబౌలి దాకా వేలమంది పేర్ల కింద సీనియర్ అసోసియేట్, ప్రాసెస్ ఎగ్జిక్యూటివ్, అనలిస్ట్ టూ అని ఉంటుంది. ఆ పేర్లు కంపెనీ జీతాల పట్టిక కోసం పుట్టాయి. ఏ మెట్టుకు ఎంత ఇవ్వాలో లెక్క తేల్చడానికి అవి వాళ్లకు కావాలి. ఒకే సీనియర్ అసోసియేట్ పేరుతో ఒకరు అమెరికా ఆస్పత్రుల బిల్లుల్లో తిరస్కరణకు గురైనవాటిని మళ్లీ వసూలు చేస్తుంటారు, పక్క సీటులో ఇంకొకరు ఉద్యోగుల జీతాల ఫైళ్లు చూస్తుంటారు. ఆ పేరును మీ పేరు కింద మోస్తూ పదేళ్లు గడిపాక, ఉద్యోగం పోయిన రోజున మీరెవరో చెప్పుకోవడానికి మీ దగ్గర ఒక్క వాక్యం ఉండదు. కంపెనీ గుర్తింపు కార్డు తీసేసుకుంటుంది, దానితోపాటు మీ హెడ్‌లైన్‌ను కూడా తీసేసుకున్నట్టే. దీన్ని మీరెలా ఒప్పుకుంటున్నారు?

క్లయింట్ల కోసం రాసేవాళ్ల లెక్క కాస్త వేరు. రిక్రూటర్ వెతికి పట్టుకుంటుంది. క్లయింట్ మాత్రం ముందు ఎవరి నోటనో మీ పేరు విని, ఆ తర్వాత చూసి రూఢి చేసుకుంటాడు. రాణిగంజ్‌లో పంపులు, పైపులు, హార్డ్‌వేర్ అమ్మే దుకాణాలకు లెక్కలు రాసే మనిషి తన పేరు కింద ఫౌండర్ అండ్ సీఈఓ అని పెట్టుకుంటే దుకాణదారుకు ఏం తెలుస్తుంది? ఆ దుకాణదారు తలనొప్పి వేరే ఉంది. సరుకు కొన్నప్పుడు జీఎస్టీ కట్టేశాడు, కానీ సరఫరాదారు తన రిటర్ను సరిగా దాఖలు చేయలేదు. నెల తిరిగాక జీఎస్‌టీఆర్ టూబీలో ఆ బిల్లు కనిపించదు, రావలసిన క్రెడిట్ ఆగిపోతుంది. డబ్బు రెండుసార్లు పోతున్నట్టుంటుంది. ఆ తలనొప్పిని పేరు పెట్టి పిలవాలి:

```
GST returns and GSTR-2B mismatch clean-up for pump, pipe and hardware traders | Ranigunj, Secunderabad
```

ఇక్కడ ఊరు పేరు కావాలని పెట్టాను. హవల్దారు వరుసలో అక్కర్లేదు, లొకేషన్‌కు ప్రొఫైల్‌లో వేరే గడి ఉంది. కానీ రాణిగంజ్ దుకాణదారు తన బజారు తెలిసిన మనిషినే నమ్ముతాడు. పంపులవాళ్లకని రాస్తే బట్టలవాళ్లు రారేమో అని భయపడి అందరి లెక్కలూ చూస్తాం అని రాసేవాళ్లున్నారు. అలా రాసినప్పుడు జనరల్ బజార్ బట్టల వ్యాపారీ రాడు, పంపుల వ్యాపారీ రాడు. తన సరుకు పేరు అక్కడ చదివిన మనిషి ఆగుతాడు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి: ప్రాక్టీసు చేసే చార్టర్డ్ అకౌంటెంట్లకు, న్యాయవాదులకు ప్రకటనల మీద తమ వృత్తి సంస్థలు పెట్టిన నియమాలున్నాయి. వాళ్లు అవి చూసుకున్నాకే ఇలాంటి వరుస రాయాలి.

రాసిన తర్వాత పనిచేస్తోందా లేదా అన్నది ఊహతో తేల్చక్కర్లేదు. ముందు ఒక స్నేహితుడి పోస్టు కింద వ్యాఖ్య పెట్టి, దాన్ని వేరేవాళ్ల ఫోన్‌లో చూడండి. వరుస ఎక్కడ తెగుతోందో అక్కడ తెలుస్తుంది. తెగినచోటికి ముందు మీ పని పేరు లేకపోతే మాటల వరుస మార్చాలి. తర్వాత లింక్డ్‌ఇన్ మీ ప్రొఫైల్‌లోనే చూపించే లెక్కలున్నాయి: ఎన్ని వెతుకులాటల్లో మీరు కనిపించారు, వెతికినవాళ్లు ఏ సంస్థలవాళ్లు, ఏం పని చేసేవాళ్లు. సంఖ్య పెరిగిందని సంబరపడొద్దు, ఎవరన్నదే చూడండి. హవల్దారు గారికి మొదట్లో కనిపించినవి ఎక్కువగా సెక్యూరిటీ ఏజెన్సీల పేర్లు. మాటలు మార్చిన కొన్ని వారాలకు భవనాల నిర్వహణ సంస్థలు, ఒక ఆస్పత్రి ఇంజనీరింగ్ విభాగం కనిపించడం మొదలైంది. అలా మారకుండా పాత రకంవాళ్లే వస్తుంటే మొదటి ముక్కే తప్పని అర్థం, అక్కడ ఇంకో పేరు పెట్టి చూడాలి. కనిపిస్తున్నారు గానీ ఎవరూ ఫోన్ చేయడం లేదంటే హెడ్‌లైన్ తన పని తాను చేసింది, లోటు లోపలి అనుభవం విభాగంలో ఉంది.

కంటోన్మెంటు చుట్టూ ఇంటికొకరున్న ఈ మనుషుల కోసం నేను అడిగేది ఒక్కటే. పదవీ విరమణకు ముందు పునరావాస శిక్షణ ఇచ్చేవాళ్లు, డబ్బు తీసుకుని ప్రొఫైళ్లు దిద్దేవాళ్లు, ఇంట్లో నాన్నకు ఫోన్ పట్టుకుని లింక్డ్‌ఇన్ తెరిచిచ్చే పిల్లలు, ఆ గడిలో ఒక్క అక్షరం కొట్టేముందు ఆయన్ని కూర్చోబెట్టి అడగండి: ఏది పాడైతే నిన్నే లేపేవారు నాన్నా? ఆయన చెప్పింది రాసుకోండి. ఎన్నిసార్లు అన్నీ చేశానన్నా వదలకుండా మళ్లీ అడగండి.